గురువారం బాపు క్రాస్ ఉంది, ఆయన హాస్పిటల్ల ఉన్నడు. వాయిదాకు వకీలు లెటర్ తోని ఏమేం కాయితాలు పెట్టాలె?

హాలియా చిన్నోడు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె. ఎకరం ఇరవై గుంటల పొలం మీద బాపు వేసిన ఇంజంక్షన్ దావా నల్లగొండ కోర్టుల నడుస్తున్నది. బాపే వాది, మొదటి సాక్షి కూడా ఆయనే. బాపు తన సాక్ష్యం రాసిచ్చిన చీఫ్ అఫిడవిట్ పోయిన ఏడాదే పడ్డది. దాని మీద అవతలోళ్ళ వకీలు బాపును ప్రశ్నలడిగి క్రాస్ చేసే వాయిదా ఈ గురువారం.

శనివారం పొద్దుగాల బాపుకు జ్వరం ఎక్కువై మిర్యాలగూడల ప్రైవేటు హాస్పిటల్ల చేర్పించినం. డెంగ్యూ అన్నరు. ప్లేట్‌లెట్లు తగ్గుతున్నయి, గురువారం దాంక పంపియ్యం అన్నరు. వకీలు సాబ్ కు ఫోన్ చేస్తే “ఏదన్న సర్టిఫికెట్ వాట్సాప్ పెట్టు, ఒక లెటర్ ఇచ్చి వాయిదా అడుగుత” అన్నడు. ఆ “ఏదన్న” అనే మాటకే నాకు భయమైతుంది. ఇంతకుముందు రెండు సార్లు మేమే వాయిదా తీసుకున్నం. ఒకసారి మా పెద్దనాయిన పోయిండు, ఇంకోసారి వకీలు సాబ్ వేరే కోర్టుల ఉన్నడు. పోయిన పేషీకి జడ్జి గారు గట్టిగనే అన్నరట. ఇప్పుడు ఏం జతచేస్తే మాట నిలబడుతది?

పాలమూరు పోరడు · సోమవారం, రాత్రి 10:05

అన్నా, పరేషాన్ కాకు. నాది చెక్ బౌన్స్ కేసు, మహబూబ్‌నగర్ల. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా వకీలు 317 పిటిషన్ వేసిండు, అయిపోయింది. ఏ కాయితం పెట్టలే. తర్వాత ఒకసారి వెయ్యకపోతే మాత్రం ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ వారెంట్ వచ్చింది, పోలీసులు ఇంటికి వచ్చిండ్రు. వారెంట్ రీకాల్ చేయించుకునే సరికి రెండు పేషీలు పోయినయి. కాబట్టి 317 వెయ్యమను, అంతే.

నల్లకోటు అక్క · సోమవారం, రాత్రి 10:50

పాలమూరు తమ్ముడూ, నీది క్రిమినల్ కేసు, నువ్వు ముద్దాయివి. ముద్దాయి రాకపోతే కోర్టు వారెంట్ ఇస్తుంది కాబట్టి ఆ రోజుకి హాజరు మాఫీ అడుగుతారు. ఆ 317 కూడా 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 355 అయింది, నోటి అలవాటు కొద్దీ మేమంతా ఇంకా 317 అనే అంటాం. చిన్నోడి బాపు సివిల్ దావాలో వాది. ఆయన మీద వారెంట్ రాదు. ఆయనకున్న ప్రమాదం వేరు. క్రాస్‌కి సాక్షి రాలేదని ఆయన చీఫ్ అఫిడవిట్‌ను లెక్కలోంచి తీసేయవచ్చు. ఆ మాటను మా కోర్టుల్లో “ఎస్చ్యూ చేశారు” అంటాం. ఆ తర్వాత సాక్ష్యం క్లోజ్ అవుతుంది, దావా కొట్టేస్తారు. పోలీసు రాడు గానీ, పొలం మీద చేతిలో ఉన్న ఒక్క ఆధారం పోతుంది.

చిన్నోడా, నీ ప్రశ్నకు వస్తా. నేను నల్లగొండ బార్‌లోనే ప్రాక్టీసు చేస్తాను, నీ కేసు నాకు తెలియదు, మీ వకీలుకు అడ్డం రాను. కానీ “ఏదన్న సర్టిఫికెట్” సరిపోదు. జడ్జి గారి ముందు రెండు ప్రశ్నలుంటాయి. ఈయన ఆ గురువారం నాడే రాలేని పరిస్థితిలో ఉన్నాడా? మళ్ళీ ఎప్పుడు రాగలడు? జబ్బు పేరు కన్నా ఈ రెండింటికి జవాబు ముఖ్యం. చాలా సర్టిఫికెట్లలో “డెంగ్యూతో బాధపడుతున్నారు, విశ్రాంతి అవసరం” అని మాత్రమే ఉంటుంది. ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది ఉండదు. తేదీ ఏదో పైన మూలకు ఉంటుంది. అవతలి వకీలు లేచి “సోమవారం నాటి కాగితం ఇది, గురువారం ఎట్లా ఉన్నాడో ఇందులో ఎక్కడుంది” అంటే మీ వకీలు దగ్గర జవాబు ఉండదు.

కాబట్టి రేపు పొద్దున డ్యూటీ డాక్టర్‌ను కాకుండా చూస్తున్న డాక్టర్‌నే అడుగు. హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద ఆయన రాయాల్సింది ఇంత: ఫలానా పేషెంట్, వయసు, ఐపీ నంబర్, శనివారం నుంచి ఇన్‌పేషెంట్‌గా ఉన్నారు, నిర్ధారణ ఇది, ఇప్పుడున్న స్థితిలో గురువారం నాటికి ప్రయాణం చేసి కోర్టుకు వెళ్ళగలిగే స్థితిలో ఉండరు, డిశ్చార్జ్ తర్వాత ఇన్ని రోజులు విశ్రాంతి కావాలి. కింద సంతకం, సీల్, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్. ఆ నంబర్ లేకుండా తీసుకోకు.

మిర్యాలగూడ మిల్లు · సోమవారం, రాత్రి 11:20

అంత దూరం ఎందుకక్కా. సివిల్ కేసులు నడిపే చట్టం సీపీసీలనే రాసి ఉంది, ఆర్ఎంపీ ఇచ్చిన సర్టిఫికెట్ చాలని. మా బామ్మర్ది వకీలు దగ్గర జూనియర్, సెక్షన్ చదివి వినిపించిండు. డాక్టర్ను కోర్టుకు పిలవాల్సిన పని కూడ లేదట. ఊళ్ళ ఆర్ఎంపీ అయితే వంద రూపాయలకు రాసిస్తడు. డాక్టర్ చుట్టూ తిరుగుడెందుకు?

రిటైర్డ్ గుమస్తా · మంగళవారం, ఉదయం 6:15

మిల్లు బాబూ, మీ మాటలో సగం నిజం ఉంది, ఆ సగమే ముంచుతుంది. పొద్దున్నే చాయ్ తాగుతూ చదివి నవ్వుకున్నాను. ముప్పై ఏళ్ళు బెంచ్ కింద కూర్చున్నవాణ్ణి. ఇట్లాంటి కాగితాలు ఎన్ని చూశానో లెక్క లేదు.

చట్టంలో ఉన్న మాట రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. అంటే కౌన్సిల్‌లో పేరు నమోదైన డాక్టర్. మన పల్లెల్లో ఆర్ఎంపీ అంటే సూది వేసే మనిషి. ఆయనను నేనేమీ అనను, రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే లేచేది ఆయనే. కానీ ఆయనకు కౌన్సిల్ నంబర్ లేదు. అక్షరాలు రెండుచోట్లా ఒకటే, మనుషులు వేరు. మా కోర్టులో ఒక జడ్జి గారు ఇట్లాంటి కాగితం చేతిలోకి తీసుకుని రిజిస్ట్రేషన్ నంబర్ ఏదని అడిగారు. వకీలు గారు క్లయింట్ వైపు చూశారు, క్లయింట్ కిటికీ వైపు చూశాడు.

నల్లకోటు అక్క · మంగళవారం, ఉదయం 7:30

గుమస్తా గారు చెప్పిందే. ఇంకో చిన్న సవరణ. మిల్లు అన్న చెప్పిన ఆ మాట వాయిదాల గురించి రాసింది కాదు. అది ఆర్డర్ 26 రూల్ 1 కింద వస్తుంది. జబ్బుతో కోర్టుకు రాలేని సాక్షి దగ్గరికి కమిషనర్‌ను పంపి వాంగ్మూలం తీసుకునే సందర్భం అది. అక్కడ డాక్టర్‌ను సాక్షిగా పిలవకుండా సర్టిఫికెట్‌ను కోర్టు తీసుకోవచ్చు అని ఉంది. వాయిదాలో కూడా జడ్జీలు అదే పద్ధతిలో చూస్తారు, నిజమే. వాయిదాలకు అసలు రూలు ఆర్డర్ 17 రూల్ 1.

ఈ కమిషనర్ సంగతి గుర్తుపెట్టుకో చిన్నోడా, మళ్ళీ వస్తా.

సాగర్ ఎడమ కాలువ · మంగళవారం, ఉదయం 8:10

నేను అవతలి పక్షం మాట చెప్త. నా మీద వేసిన దావాల వాది ఐదేండ్ల సంది సర్టిఫికెట్ల మీద బతుకుతున్నడు. ఒకసారి షుగర్, ఒకసారి నడుము, ఒకసారి కండ్ల ఆపరేషన్. ఒకసారి అయితే “పదిహేను దినాలు బెడ్ రెస్ట్” అని కాయితం ఇచ్చి, ఆ వారంలనే చెర్వుగట్టు జాతరల కనపడ్డడు. మావోడు ఫోటో తీసిండు. మా వకీలు అది కోర్టుల పెట్టిండు. జడ్జి గారు వాయిదా ఇచ్చిండ్రు కానీ ఖర్చులు వేసిండ్రు, ఆ తర్వాత ఆయన ఏ కాయితం తెచ్చినా పైకి కిందికి రెండు సార్లు చూస్తున్నరు.

మీ బాపుకు నిజంగ డెంగ్యూ ఉన్నదనే నమ్ముత. కానీ అబద్ధాలు చెప్పినోళ్ళ వల్ల నిజం చెప్పెటోళ్ళు కూడ రుజువులు ఎక్కువ ఇచ్చుకోవాల్సి వస్తుంది. అందుకే గట్టిగ పెట్టు, తప్పు లేదు.

హాలియా చిన్నోడు · మంగళవారం, మధ్యాహ్నం 1:20

అక్కా, డాక్టర్ ఇచ్చిండు. అక్క చెప్పిన లైన్లు అన్ని పడ్డయి, రిజిస్ట్రేషన్ నంబర్ ఉంది. కానీ ఒక తిరకాసు. హాస్పిటల్ల చేర్పించే తొందరల మా చెల్లె బాపును ఊళ్ళ పిలిచే పేరు చెప్పింది. ఆధార్ల, దావాల ఉన్న పేరు వేరు. వయసు కూడ నాలుగేండ్లు తక్కువ రాసిండ్రు. ల్యాబ్ రిపోర్టులన్నీ ఆ పేరు మీదనే ఉన్నయి. ఇప్పుడు ఏం చేయాల్నో?

రిటైర్డ్ గుమస్తా · మంగళవారం, మధ్యాహ్నం 2:00

బాబూ, ఇదే మంచి సమయం, డిశ్చార్జ్ కాకముందే. ఆధార్ తీసుకుని బిల్లింగ్ కౌంటర్‌కు వెళ్ళు, ఐపీ రికార్డులో పేరు సరిచేయమను. సర్టిఫికెట్ మళ్ళీ రాయించుకో, పాతదాని మీద కొట్టివేతలు పనికిరావు. ల్యాబ్ రిపోర్టులు పాత పేరుతో ఉన్నా, ఐపీ నంబర్ రెండింటిలో ఒకటే ఉంటే ఆ నంబర్ చూపించవచ్చు. అఫిడవిట్‌లో ఒక వాక్యం రాయండి: హాస్పిటల్ కాగితాల్లో మొదట రాసిన ఫలానా పేరు మా నాన్నగారిదే, ఊళ్ళో ఆయనను అట్లా పిలుస్తారు అని. దాచిపెడితే అవతలివాళ్ళు కనిపెడతారు, ముందే చెబితే పెద్ద విషయమేమీ కాదు.

ఇంకొకటి, ఒరిజినల్ సర్టిఫికెట్‌ను కోర్టుకు ఇచ్చేముందు ఫోటో తీసుకో. ఫైల్లోకి వెళ్ళిన కాగితం మళ్ళీ చేతికి రావడం కాపీ అప్లికేషన్ వేసి చేసే పని.

నల్లకోటు అక్క · మంగళవారం, రాత్రి 9:15

ఇప్పుడు మొత్తం ఎట్లా పోవాలో చెబుతా. మీ వకీలు “లెటర్” అన్నారు కదా, కింది కోర్టుల్లో లెటర్ అంటే మామూలుగా మెమో. కొన్ని కోర్టుల్లో మెమోతోనే వాయిదా ఇస్తారు. కానీ నువ్వున్నది మూడోసారి, పైగా జడ్జి గారు ముందే చిరాకుగా ఉన్నారు. అందుకని మెమో కాకుండా ఆర్డర్ 17 రూల్ 1, సెక్షన్ 151 కింద పిటిషన్, దానికి అఫిడవిట్ పెట్టమని అడుగు. మెమోలో వకీలు మాట ఉంటుంది. అఫిడవిట్‌లో విషయం తెలిసిన మనిషి ప్రమాణం చేసి చెప్పిన మాట ఉంటుంది.

అఫిడవిట్ ఎవరు ఇవ్వాలి? బాపు మంచం మీద ఉన్నాడు, ఆయన సంతకం కోసం హాస్పిటల్‌కు అడ్వొకేట్‌ను తీసుకుపోవాల్సిన పనిలేదు. నువ్వే ఇవ్వు. “నేను వాది కుమారుణ్ణి, ఆయనతో హాస్పిటల్‌లో ఉంటున్నాను, ఈ విషయాలు నాకు స్వయంగా తెలుసు” అని మొదలవుతుంది. మా దగ్గర అలవాటు ఏమిటంటే, కేసులో ఉన్న వకీలు కాకుండా ఇంకో అడ్వొకేట్ ముందు సంతకం పెట్టిస్తారు. నువ్వు చదవకుండా పెట్టకు. ఇంగ్లీషులో రాస్తారు, ఒక్కో పేరా తెలుగులో చెప్పించుకో.

అందులో ఉండాల్సిన విషయం తెలుగులో చెప్పాలంటే ఇంత: ఈ రోజు వాదిని క్రాస్ చేయడానికి కేసు ఉంది. వాది శనివారం జ్వరంతో హాస్పిటల్‌లో చేరారు, డెంగ్యూ అని తేలింది, ఇప్పటికీ లోపలే ఉన్నారు. డాక్టర్ సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్ట్ జతచేశాం. ఇంతకుముందు రెండు వాయిదాలు తీసుకున్న మాట నిజం, అవి ఫలానా కారణాలకు. ఇప్పటి కారణం మా చేతిలో లేనిది. డాక్టర్ చెప్పిన ప్రకారం ఫలానా తేదీ తర్వాత వాది రాగలరు, ఆ తేదీ తర్వాత ఏ రోజు పెట్టినా క్రాస్‌కు హాజరవుతారు.

పాత వాయిదాలు మీరే చెప్పడం దెబ్బ అనుకోకు. కోర్టు ప్రతి పేషీకి రాసుకునే డాకెట్‌లో ఉన్నవే. వకీలు వేరే కోర్టులో ఉండటం వాయిదాకు కారణం కాదని ఆ రూలులోనే రాసి ఉంది, అందుకే రెండో వాయిదా మీకు బలహీనం. ఇప్పుడు దాన్ని సమర్థించుకోబోవద్దు. చెప్పి ముందుకు పోండి.

జతచేసేవి తక్కువ ఉంటే మంచిది. డాక్టర్ సర్టిఫికెట్ ఒరిజినల్, ల్యాబ్ రిపోర్ట్ కాపీ, అడ్మిషన్ అయినట్టు చూపే హాస్పిటల్ కాగితం కాపీ. ముప్పై పేజీల కేస్ షీట్, మందుల బిల్లులు వద్దు. అందులో ఏదో ఒక పేజీలో “పేషెంట్ నిలకడగా ఉన్నారు” అని నర్సు రాసి ఉంటే అవతలి వకీలు అదే చదువుతారు.

కొల్లాపూర్ టీచరమ్మ · మంగళవారం, రాత్రి 10:40

అక్కా, ఒక సందేహం. మా అమ్మకు క్యాన్సర్ చికిత్స జరుగుతున్నప్పుడు, మా చిన్నాన్నలతో భాగాల దావా నడుస్తున్నది. వకీలు గారు రిపోర్టులన్నీ అడిగారు. మొత్తం పెట్టేశాం. ఆ కాపీలు అవతలివాళ్ళ చేతికి పోయాయి, రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. అమ్మకు మేమింకా చెప్పనే లేదు, పక్కింటామె వచ్చి పరామర్శించింది. ఆ రోజు అమ్మ ముఖం నాకు ఇప్పటికీ మరుపు రాదు. జబ్బు పేరు రాయకుండా వాయిదా అడగలేమా?

నల్లకోటు అక్క · మంగళవారం, రాత్రి 11:05

టీచరమ్మా, చాలా బాధగా ఉంది చదివితే. పిటిషన్‌తో పాటు ఇచ్చే ప్రతి కాగితం కాపీ అవతలి పక్షానికి ఇవ్వాల్సిందే, దాన్ని తప్పించలేం. కానీ ఏం ఇవ్వాలన్నది మన చేతిలో ఉంటుంది. “చికిత్స పొందుతున్నారు, ఫలానా తేదీ దాకా ప్రయాణానికి తగరు” అని డాక్టర్‌తో రాయించుకుని, వివరాల రిపోర్టులు కోర్టు అడిగితే చూపిస్తామని అఫిడవిట్‌లో చెప్పవచ్చు. నేను రెండు మూడు కేసుల్లో అట్లా చేశాను. ఒక చోట ఒప్పుకున్నారు, ఇంకో చోట జబ్బు ఏమిటో చెప్పకుండా ఎట్లా నమ్మమంటారని అడిగారు. ఎట్లా పోతుందో జడ్జి గారిని బట్టి ఉంటుంది.

సాగర్ ఎడమ కాలువ · మంగళవారం, రాత్రి 11:30

జబ్బు పేరు లేకుండ అయితే నాలాంటోడు ఎట్ల అభ్యంతరం చెప్పాలె? మళ్ళ జాతర ఫోటోలే దిక్కా? టీచరమ్మ గురించి కాదు, మామూలుగ అడుగుతున్న.

మిర్యాలగూడ మిల్లు · బుధవారం, ఉదయం 9:00

ఇంతకీ మూడు వాయిదాలు దాటితే మాత్రం ఏ సర్టిఫికెట్ పనిచెయ్యదు. చట్టంల మూడే. చిన్నోడా, ఇది మీ ఆఖరుది, జాగ్రత్త.

నల్లకోటు అక్క · బుధవారం, ఉదయం 9:45

మిల్లు అన్నా, రూలులో ఒక పక్షానికి మూడు మించి వద్దని ఉన్నమాట నిజమే. కానీ 2005లో సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని చదివిన తీరు వేరు. మనిషి చేతిలో లేని గట్టి కారణం ఉంటే మూడు దాటినా కోర్టు ఇవ్వగలదు, ఖర్చులు వేసి ఇవ్వవచ్చు. కాబట్టి తలుపు పూర్తిగా మూసుకోదు. కానీ ప్రతి జడ్జీ అంత ఉదారంగా ఉంటారని చెప్పలేను, ఆఖరుది అనుకుని నడిస్తే మంచిదే.

చిన్నోడా, కమిషనర్ సంగతి చెప్తానన్నా కదా. కోలుకోవడానికి ఎక్కువ రోజులు పట్టేట్టు ఉంటే, మళ్ళీ వాయిదా అడగడం కన్నా ఆర్డర్ 26 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను పెట్టమని అడిగితే మేలు. ఇంటికి వచ్చి, ఇద్దరు వకీళ్ళ ముందు క్రాస్ రికార్డ్ చేస్తారు. ఫీజు మీరు కట్టాలి. డెంగ్యూకు అంత అవసరం రాదు, పక్షవాతం, తుంటి విరగడం లాంటివాటికి పనికొస్తుంది. అయినా అఫిడవిట్ చివర “అవసరమైతే కమిషన్ ద్వారా క్రాస్‌కు కూడా సిద్ధం” అని ఒక వాక్యం ఉంటే, మీరు తప్పించుకోవడం లేదని అర్థమవుతుంది.

రిటైర్డ్ గుమస్తా · బుధవారం, ఉదయం 10:20

బాబూ, ఈ రోజే మీ వకీలు గారి ఆఫీసుకు పో, రేపటి దాకా ఆగకు. కాపీ అవతలి వకీలుకు ఈ రోజే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోమను. రేపు పొద్దున కేసు పిలిచేటప్పుడు మొదటిసారి కాగితం చూపిస్తే, ఆయన “ఇప్పుడే ఇచ్చారు, చదవలేదు” అంటారు. దాంతో జడ్జి గారికి కోపం మీ మీదనే వస్తుంది.

పిటిషన్ వేశామని మీ వకీలు గారు కోర్టుకు రాకుండా ఉండకూడదు. పిటిషన్ వేస్తే వాయిదా వచ్చినట్టు కాదు. పిలిచినప్పుడు లేచి నిలబడాలి. నువ్వు కూడా పో, జడ్జి గారు “ఎవరీ అఫిడవిట్ ఇచ్చింది” అని అడిగితే వెనక బెంచీ నుంచి లేవడానికి మనిషి ఉండాలి. ఒకవేళ జడ్జి గారే సెలవులో ఉంటే ఏమీ చదవకుండానే వాయిదా పడుతుంది, అప్పుడు కూడా కాగితాలు ఫైల్లో ఉండనివ్వండి.

హాలియా చిన్నోడు · గురువారం, సాయంత్రం 5:30

పొద్దున ఆరింటికి బస్సెక్కి పోయిన. నిన్ననే పిటిషన్ వేసిండ్రు, కాపీ ఇచ్చిండ్రు. వకీలు సాబ్ మొదట “అఫిడవిట్ ఎందుకు, మెమో చాలు” అన్నడు. రెండు వాయిదాల సంగతి గుర్తుచేస్తే సరే అన్నడు.

పిలిచినంక అవతలి వకీలు లేచి “ఇది మూడోది, ప్రతిసారీ ఏదో ఒకటి చెప్తున్నరు” అన్నడు. పేరు తేడా కూడ ఎత్తిండు. మా వకీలు అఫిడవిట్ల ఆ వాక్యం చూపిచ్చిండు, ఐపీ నంబర్ చూపిచ్చిండు. జడ్జి గారు సర్టిఫికెట్ తీసుకుని చదివిండ్రు, కింద నంబర్ చూసిండ్రు. “డాక్టర్ పది దినాలు రెస్ట్ అన్నడు కదా, అయినంక తప్పకుండా రావాలె” అన్నరు. ఐదొందలు ఖర్చులు అవతలి పక్షానికి కట్టాలని, ఇది ఆఖరి అవకాశమని రాసిండ్రు. పద్దెనిమిది దినాల తర్వాత తారీఖు ఇచ్చిండ్రు. కోర్టు కేసుల యాప్‌ల కూడ అదే తారీఖు కనపడుతుంది.

బాపుకు ప్లేట్‌లెట్లు పెరుగుతున్నయి. రేపు పంపుతరట.

నల్లకోటు అక్క · గురువారం, రాత్రి 8:00

మంచిది. ఆ ఐదొందలు మాత్రం మర్చిపోకు. సెక్షన్ 35బీ కింద వేసిన ఖర్చులైతే, వచ్చే తారీఖున కట్టకుండా దావా ముందుకు నడపనివ్వరు. మీ వకీలు ద్వారా కట్టి, అవతలి వకీలు రసీదు తీసుకుని, ఆ రోజు వెంట తీసుకుపో. డిశ్చార్జ్ సమ్మరీ కూడా పారేయకు. అందులో పేరు సరిగ్గా ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకో.

ఎప్పుడన్నా ఏదో తప్పు జరిగి, వాది హాజరు కాలేదని దావా డిఫాల్ట్‌లో కొట్టేశారంటే, తిరిగి తెరిపించడానికి 30 రోజులు గడువు. ఇది నీకు కాదు, చదివేవాళ్ళకు చెబుతున్నా.

పాలమూరు పోరడు · గురువారం, రాత్రి 8:20

అక్కా, నా చెక్ కేసుల కూడ ఇట్లనే అఫిడవిట్ పెట్టాల్నా? సోమవారం పేషీ ఉంది. ఇప్పుడు నాకు జ్వరమేమీ లేదు గానీ, మా మరదలు పెండ్లి.

రిటైర్డ్ గుమస్తా · గురువారం, రాత్రి 8:25

పెండ్లికి డాక్టర్ సర్టిఫికెట్ తేకు బాబూ. పెండ్లి పత్రిక పెట్టు.